బారసాలకు ఏ నగ కొనాలి?

బారసాల పిలుపు రాగానే చాలామంది వెండి బంగారాల కొట్టుకే వెళతారు. అక్కడ పసిపిల్లల నగలకు ప్రత్యేకంగా ఒక అర ఉంటుంది. గ్రాము ఉంగరం, నల్లపూసల మురుగులు, మువ్వల పట్టీలు, వెండి మొలతాడు, దేవుడి బిళ్ళ వేసిన సన్నని గొలుసు వరసగా పేర్చి ఉంటాయి. బడ్జెట్ ఎంతో చెబితే సేల్స్‌మన్ ఆ ధరలో నాలుగు రకాలు తీసి ముందు పెడతాడు. ముద్దుగా కనబడినదాన్ని తీసుకుని ఎర్ర డబ్బాలో పెట్టించుకుని వచ్చేస్తాం.

ఇందులో చిక్కు ఏమిటంటే, నగ ఎంచేది ఒకరు, దాన్ని రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉండాల్సింది మరొకరు. మేనత్త తెచ్చిన ఉంగరాన్ని నలుగురి ముందు బిడ్డ వేలికి తొడగనని బాలింత చెప్పలేదు. మళ్ళీ వాళ్ళు చూడటానికి వచ్చినప్పుడు చేతికి లేకపోతే మాట వస్తుందని తీయనూ లేదు. కాబట్టి ఆ నగ బిడ్డ ఒంటికి తగినదా కాదా అన్నది కొట్టులోనే తేలాలి. కొనేవాళ్ళు చూడాల్సినవి ముఖ్యంగా రెండు: అది నోట్లోకి పోతుందా, అది నిజంగా ఏ లోహం?

పది రూపాయల బిళ్ళతో కొలత

నెలల పిల్లలకు ప్రపంచం తెలిసేది నోటితోనే. మూడు నాలుగు నెలలు వచ్చేసరికి పిడికిలి నోట్లో ఉంటుంది. అయిదారు నెలలకు కాలి బొటనవేలు కూడా నోటికి అందుతుంది. అంటే చేతికి వేసిన నగా, కాలికి వేసిన నగా చివరికి చేరేది అక్కడికే. పళ్ళు వచ్చే రోజుల్లో చిగుళ్ళు సలుపుతుంటాయి కనుక ఊరికే చప్పరించడంతో ఆగరు, కొరికి లాగుతారు.

మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి ప్రయోగశాలల్లో ఒక చిన్న గొట్టం వాడతారు. దాని లోపలి వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. ఏ వస్తువైనా, దాని నుంచి ఊడివచ్చిన ఏ ముక్కైనా, నొక్కకుండానే ఆ గొట్టంలో పూర్తిగా దిగిపోతే అది పసివాళ్ళకు పనికిరాదు. మన దేశంలో 2021 జనవరి నుంచి బొమ్మలకు బీఐఎస్ ప్రమాణాలు తప్పనిసరి అయ్యాయి. నగ బొమ్మ కాదు కనుక ఆ పరీక్ష దానికి జరగదు. గిలక్కాయకు ఉన్న కాపలా గజ్జెలకు లేదన్నమాట.

ఆ పరీక్షను మనమే ఉజ్జాయింపుగా చేసుకోవచ్చు. పది రూపాయల నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లు, ఆ గొట్టం కన్నా కాస్త తక్కువ. నగలో ఊడగల ఏ భాగమైనా పది రూపాయల బిళ్ళంత గానీ, అంతకన్నా చిన్నది గానీ అయితే అది నోట్లో పట్టేస్తుందనే లెక్క. ఈ కొలతతో చూస్తే పసిపిల్లల అరలో ఉన్నవాటిలో చాలా వరకు పక్కన పెట్టేయాల్సి వస్తుంది.

అన్నిటికన్నా ముందు పక్కన పెట్టాల్సింది నల్లపూసల మురుగులు. దిష్టి తగలకూడదని వేస్తారు కాబట్టి వీటిని రోజంతా తీయరు. నల్లపూస, బంగారు గుండు, మళ్ళీ నల్లపూస, ఇలా దారానికి గానీ సన్నని తీగకు గానీ గుచ్చి ఉంటాయి. బిడ్డకు రోజూ నూనె రాసి నలుగు పెట్టి నీళ్ళు పోస్తారు, పైన చొంగ కారుతుంటుంది. ఆ తడికీ జిడ్డుకీ దారం లోపల్లోపల నాని పీచు లేస్తుంది. పైకి మాత్రం పూసలు నిగనిగలాడుతూనే ఉంటాయి, కనుక తెగేదాకా ఎవరికీ తెలియదు. తెగిన రోజు పక్క మీద పడ్డ పూసల్లో దొరికినవి ఏరతాం, అసలు ఎన్ని ఉండాలో మనకు లెక్క ఉండదు. నెలల బిడ్డ శ్వాసనాళం లోపలి వెడల్పు 4, 5 మిల్లీమీటర్లే. గుండ్రని నున్నటి పూస అందులో దిగితే గాలికి సందు మిగలదు. గరుకు వస్తువు పక్కనుంచి కొంతైనా గాలి పోతుంది గానీ పూస పక్కనుంచి పోదు.

పట్టీలదీ దాదాపు ఇదే కథ. గొలుసు గట్టిగానే ఉంటుంది, ప్రమాదం మువ్వల్లో ఉంది. ఒక్కో మువ్వను చిన్న రింగుతో గొలుసుకు తగిలిస్తారు. ఆ రింగు రెండు కొసలనూ టంకం పెట్టి కలిపితే ఫరవాలేదు, ఊరికే నొక్కి వదిలేస్తే కొన్నాళ్ళకు నోరు తెరుచుకుంటుంది. కొట్టులోనే ఒక మువ్వను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని తిప్పుతూ లాగి చూడండి. రింగులో సన్నని గీతలాగా సందు కనబడినా, గోరు దూరినా ఆ పట్టీలు వద్దు. టంకం పెట్టినవైనా బిడ్డ మెలకువగా ఉండి, పెద్దవాళ్ళు ఎదురుగా కూర్చున్నప్పుడే వేయాలి.

ఉంగరం సంగతి చెప్పనే అక్కర్లేదు. అది మొత్తంగా నాణెం కన్నా చిన్నది, పిడికిలితో పాటే నోట్లోకి పోతుంది. వేడుకలో తొడిగి, ఫొటో అయ్యాక తీసి డబ్బాలో పెట్టేయడమే మంచిది. చెవిపోగులైతే వెనక శీలకు మర ఉన్నవి, ముందువైపు చదునుగా ఉండి దుప్పటికి తట్టుకోనివి చూసుకోవాలి. మర మరీ బిగిస్తే శీల తమ్మెలోకి దిగబడుతుంది, వదులైతే రాలిపోతుంది. అందుకని నీళ్ళు పోసినప్పుడల్లా దాన్ని ఒకసారి తడిమి చూసుకోవాలి.

మెడకు వద్దు, మొలకు జాగ్రత్త

నోట్లోకి పోయే భయం ఒకటైతే, మెడలో నగకు ఇంకో భయం ఉంది. గొలుసైనా, నల్లతాడైనా, తాయెత్తైనా నిద్రలో ఉయ్యాల కొక్కేనికో మంచం అంచుకో తట్టుకుంటే పసిబిడ్డ దాన్ని విడిపించుకోలేదు, అరవనూ లేదు. పళ్ళు వచ్చేటప్పుడు నొప్పి తగ్గుతుందని విదేశాల్లో పిల్లల మెడకు పచ్చని ఆంబర్ పూసల దండలు వేస్తారు. అలాంటి దండ మెడకు బిగుసుకుని పద్దెనిమిది నెలల బిడ్డ పగటి నిద్రలో చనిపోవడంతో 2018 డిసెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తల్లిదండ్రులను హెచ్చరించింది. అదే హెచ్చరికలో ఏడు నెలల బిడ్డ చేతి కడియం నుంచి ఊడిన చెక్క పూస గొంతుకు అడ్డం పడిన సంగతి కూడా ఉంది. అప్పుడు పెద్దవాళ్ళు దగ్గరే ఉన్నారు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళ ఇళ్ళలోకి ఈ ఆంబర్ దండలు వచ్చాయి, ఇక్కడ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. ఇష్టపడి మెడగొలుసు ఇవ్వదలిస్తే బిడ్డ పెద్దయ్యాక వేసుకునేలా ఇవ్వండి, ఉయ్యాలలో ఉన్నప్పుడు వేయమని కాదు.

మొలతాడు మెడ అంత ప్రమాదం కాదు గానీ దానికీ చూడాల్సింది ఉంది. మొదటి ఏడాది పిల్లలు ఇట్టే పెరుగుతారు. బారసాలకు వదులుగా ఉన్నది మూడో నెలకు ఒంటికి పట్టేస్తుంది. దాని మీదుగా డైపర్ వేస్తే వెండి గొలుసు చర్మానికీ ఎలాస్టిక్‌కీ మధ్య చిక్కి ఒరుసుకుంటుంది, కింద చెమట నిలిచి ఎర్రగా చారలు తేలతాయి. నడుముకూ మొలతాడుకూ మధ్య పెద్దవాళ్ళ వేళ్ళు రెండు సులువుగా దూరాలి. దూరకపోతే ఆ రోజే విప్పాలి. చేతికీ కాలికీ కట్టే నల్లతాడుకు కూడా ఇదే కొలత. తాడు సాగదు, బిడ్డ పెరగడం ఆగదు.

రెండు గ్రాముల సందు

ఇక లోహం మాట. బంగారు నగలకు హాల్‌మార్క్‌ను మన దేశంలో 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి చేశారు. హాల్‌మార్క్ అంటే నగ మీద మూడు గుర్తులు: బీఐఎస్ ముద్ర, స్వచ్ఛత అంకె, హెచ్‌యూఐడీ అనే ఆరు అక్షరాల సంఖ్య. 22 క్యారెట్లకు 22K916, 18 క్యారెట్లకు 18K750 అని ఉంటుంది. ఫోన్‌లో BIS Care యాప్ తెరిచి Verify HUID దగ్గర ఆ ఆరు అక్షరాలూ కొడితే ఏ దుకాణం ముద్ర వేయించింది, ఏ కేంద్రంలో పరీక్షించారు, అది ఉంగరమా గాజా, స్వచ్ఛత ఎంత అన్నది కనబడుతుంది.

అయితే రెండు గ్రాముల లోపు నగలకు ఈ తప్పనిసరి వర్తించదు. పసిపిల్లల ఉంగరాలు, పోగులు, చిన్న బిళ్ళలు చాలా వరకు ఆ రెండు గ్రాముల లోపే ఉంటాయి. బారసాలలో చేతులు మారే బంగారంలో ఎక్కువ భాగం ముద్ర అక్కర్లేని బంగారమే అన్నమాట. దుకాణం నిజాయితీగా ఇవ్వచ్చు, ఇవ్వకపోనూవచ్చు. కొన్నవాళ్ళు దాన్ని తిరిగి అమ్మరు, పుచ్చుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి బయటికి తీయరు కనుక తేడా ఉన్నా ఎప్పటికో గానీ బయటపడదు.

ఒక లెక్క చూద్దాం. 22 క్యారెట్లని చెప్పి ఒకటిన్నర గ్రాముల ఉంగరం ఇచ్చారనుకోండి. అందులో మేలిమి బంగారం 1.374 గ్రాములు ఉండాలి. అది నిజానికి 18 క్యారెట్లదే అయితే ఉండేది 1.125 గ్రాములు. తేడా దాదాపు పావు గ్రాము. ఇంత చిన్న వస్తువులో పావు గ్రాము కంటికి ఆనదు, బిల్లు మీద మాత్రం పూర్తి డబ్బు పడుతుంది. ముద్ర ఉన్న నగలో ఇలా తేలితే స్వచ్ఛతలో తగ్గినదానికి రెండింతలు, పరీక్ష రుసుముతో కలిపి కొనుగోలుదారుకు చెల్లించాలని బీఐఎస్ నియమాలు చెబుతున్నాయి. ముద్ర లేకపోతే ఆ దారి లేదు, బిల్లు పట్టుకుని వాదించుకోవడమే మిగులుతుంది.

కాబట్టి బుల్లి నగ కొనేటప్పుడు రెండు పనుల్లో ఒకటి చేయండి. చట్టం అడగకపోయినా ముద్ర ఉన్నదే చూపించమనండి, వేయించి అమ్మే దుకాణాలున్నాయి. లేదంటే రెండు గ్రాములు దాటిన వస్తువే తీసుకోండి. బరువు, క్యారెట్లు, రాళ్ళ బరువు విడిగా రాసిన బిల్లు మాత్రం తప్పక అడగండి. అనుమానం వస్తే హాల్‌మార్కింగ్ కేంద్రంలో మామూలు మనుషులు కూడా రుసుము కట్టి పరీక్ష చేయించుకోవచ్చు.

కేడీఎం అని ఎవరైనా గొప్పగా చెబితే అది స్వచ్ఛతకు ముద్ర కాదని గుర్తుంచుకోండి. కేడీఎం అంటే కాడ్మియం కలిపి టంకం పెట్టిన నగ. ఆ పొగ పీల్చిన పనివాళ్ళ ఊపిరితిత్తులు దెబ్బతింటాయని ఆ పద్ధతిని పక్కన పెట్టారు. నోట్లో పెట్టుకునే పిల్లల నగకు ఆ పేరు చెప్పి అమ్మడమే వింత.

వెండిలో మోసం ఇంకా తేలిక. వెండి ముద్ర ఇప్పటికీ స్వచ్ఛందమే. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండికీ హెచ్‌యూఐడీతో ముద్ర వేయించుకునే వీలు వచ్చింది కాబట్టి, అడిగితే దొరికే అవకాశం పెరిగింది. 925 అని ఉంటే వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు వెండి, మిగిలినది చాలా వరకు రాగి. మురుగులకు ఈ పాళ్ళు సరిగ్గా సరిపోతాయి. మేలిమి వెండి మెత్తన, కొంచెం నొక్కితే వంగిపోతుంది. ఒంటి మీద వెండి నల్లబడితే బిడ్డకు ఏదో అయిందని కంగారు పడక్కర్లేదు. చెమటలోనూ గాలిలోనూ ఉండే గంధకంతో కలిసి వెండి నల్లబడుతుంది, తోమితే పోతుంది.

జర్మన్ సిల్వర్ అన్న పేరు విని వెండేననుకోకండి. అందులో వెండి అసలే ఉండదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. చర్మానికి పడక దద్దుర్లు తెప్పించే లోహాల్లో నికెల్ ముందు వరసలో ఉంటుంది. పూజగదిలో పళ్ళానికి బాగుంటుంది గానీ బిడ్డ మణికట్టుకు కాదు. వన్ గ్రామ్ గోల్డ్ కూడా అంతే, రాగి మీదో ఇత్తడి మీదో బంగారు పూత. పెద్దవాళ్ళు పెళ్ళికి పెట్టుకుని తీసేస్తారు. చప్పరించే పిల్లల దగ్గర పూత త్వరగా అరిగి అడుగు లోహం బయటపడుతుంది.

అంగట్లో దొరికే ఫ్యాన్సీ నగలు ఇంకా ప్రమాదం, ఎందుకంటే అందులో ఏముందో అమ్మేవాడికే తెలియదు. 2006లో అమెరికాలోని మినియాపోలిస్‌లో నాలుగేళ్ళ పిల్లవాడు బూట్లతో పాటు ఉచితంగా ఇచ్చిన ఒక చేతి గొలుసు బిళ్ళను మింగేశాడు. హృదయం ఆకారంలో ఉన్న ఆ బిళ్ళ దాదాపు మొత్తం సీసమే. కడుపులోని ఆమ్లానికి సీసం కరిగి రక్తంలో కలిసి పిల్లవాడు చనిపోయాడు. గొంతుకు అడ్డం పడకపోయినా, లోహమే ప్రాణం తీయగలదని చూపిన సంఘటన అది. ఇంట్లో అయస్కాంతం పెట్టి చూస్తే బంగారం, వెండి దానికి అంటుకోవు. అంటుకుంటే అందులో వేరే లోహం ఉన్నట్టే. అంటుకోకపోతే మాత్రం స్వచ్ఛమైనదని చెప్పలేం, సీసం, రాగి, ఇత్తడి కూడా అంటుకోవు.

మరి ఏది కొనాలి?

ఒక జత వెండి మురుగులు చేయించాలనుకుందాం. కంసాలికి చెప్పాల్సినవి ఇవి. పూసలు వద్దు, రాళ్ళు వద్దు, మీనా రంగు వద్దు, లోపల లక్క నింపిన డొల్ల పని వద్దు. ఒకే గుండ్రని కడ్డీని వంచి చేయాలి. కడ్డీ మరీ సన్నగా ఉంటే తేలిగ్గా వంగిపోతుంది. లోపలి వెడల్పు నాలుగు సెంటీమీటర్లు పెడితే మురుగు మొత్తంగా పది రూపాయల బిళ్ళ కన్నా చాలా పెద్దదవుతుంది, నోట్లో పట్టదు.

అసలు చూడాల్సింది కొసలు. తెరిచి ఉన్న మురుగుకు రెండు చివర్లూ సాధారణంగా చిన్న గుండులా ఉంటాయి. ఆ గుండును విడిగా చేసి అతికితే ఎప్పటికైనా ఊడుతుంది. కడ్డీ చివరనే కాల్చి సాగగొట్టి గుండ్రం చేయించాలి. చేసిచ్చాక కొసలను మీ చెంప మీద రాసి చూడండి. పిల్లలు నిద్రలో చేతులతో ముఖం రుద్దుకుంటారు కనుక మీకు గుచ్చుకున్నది వాళ్ళ చెంపను గీరుతుంది. కొసల మధ్య సందు సన్నగా ఉండాలి, పెద్దదైతే చొక్కా దారాలూ తల్లి చీర పోగులూ తట్టుకుంటాయి.

బిడ్డ పెరిగేకొద్దీ మురుగును విప్పదీసి వెడల్పు చేసుకోవచ్చని కొట్టువాళ్ళు చెబుతారు. నిజమే గానీ వెండిని చలువలో పదేపదే వంచితే అది గట్టిపడి ఒకచోట నెర్రె వేస్తుంది. నెర్రె అంచు బ్లేడులా కోస్తుంది. రెండు మూడుసార్లు వంచాక కంసాలి చేత కాల్పించి మెత్తబరిపించుకోవాలి. వంపు దగ్గర గోరు రాసినప్పుడు పట్టుకుంటే అప్పుడే దాన్ని తీసేయాలి.

ఇందులో ఒక కలిసొచ్చే సంగతి ఉంది. పూసలు, రాళ్ళు, లక్క, రంగు లేని సాదా నగే బిడ్డకు క్షేమం. తూకంలో మోసానికి చోటు తక్కువ ఉండేదీ, మార్చేటప్పుడు పూర్తి విలువ వచ్చేదీ కూడా అదే. రాళ్ళకు, లక్కకు వెండి ధర కట్టి కొన్నది అమ్మేటప్పుడు తీసేసి తూస్తారు.

ఒంటికి వేసేదే ఇవ్వాలని లేదు. ఉగ్గుగిన్నె, వెండి చెంచా, వెండి గ్లాసు అన్నప్రాశన నాటికి వాడకంలోకి వస్తాయి. నోట్లోకి వెళ్ళే చెంచాకు అంచులు మొద్దుగా, అతుకు లేకుండా ఉండాలి. బంగారం ఇవ్వాలని మనసుంటే హాల్‌మార్క్ ఉన్న నాణెం ఇవ్వండి, అది బీరువాలో ఉంటుంది, నోట్లోకి పోదు. వెండి గిలక్కాయ అయితే లోపల గింజలు ఉంటాయి కనుక రెండు సగాలు కలిసిన చోట అతుకు చుట్టూ నిండుగా టంకం పడిందో లేదో చూసి తీసుకోండి.

ఒకవేళ గొంతులో పడితే

బిడ్డ గట్టిగా దగ్గుతూ, ఏడుస్తూ ఉంటే గాలి ఆడుతున్నట్టే. దగ్గనివ్వండి. వస్తువు కనబడకుండా వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది. దగ్గు ఆగి, ఏడుపు రాక, పెదాలు నీలమైతే ఆగకూడదు. ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల ఛాతీ కన్నా కిందికి ఉండేలా పట్టుకుని, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు వేయాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఒక అరచేతి మడమతో అయిదుసార్లు నొక్కాలి. మళ్ళీ వీపు, మళ్ళీ ఛాతీ. ఈలోగా ఇంకొకరు 108కు ఫోన్ చేయాలి. ఏడాది దాటిన పిల్లలకు ఛాతీకి బదులు వెనకనుంచి పట్టుకుని బొడ్డు పైన లోపలికి, పైకి నొక్కుతారు. ఇవి చదివి నేర్చుకునేవి కావు, ఒకసారి ఎవరిచేతనైనా చేసి చూపించుకోవాలి.

మింగేసి మామూలుగా ఆడుకుంటుంటే అరటిపండు తినిపించడం, వాంతి చేయించడం వద్దు. ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయిస్తే లోహం ఎక్కడుందో కనబడుతుంది. నున్నటి ఉంగరం చాలాసార్లు దానంతటదే బయటికి వస్తుంది. శీల ఉన్న పోగు, తెరిచిన కొక్కెం, బటన్ బ్యాటరీ ఉన్న మెరిసే గాజు అయితే ఆలస్యం చేయకూడదు. ప్లాస్టిక్ పూస మాత్రం ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. ఆ తరవాత దగ్గు, పిల్లికూతలు తగ్గకపోతే పూస సంగతి డాక్టరుకు చెప్పాలి, లేకపోతే జలుబు మందులతో వారాలు గడిచిపోతాయి.

నగ ఇచ్చేటప్పుడు డబ్బాలో బిల్లు కూడా పెట్టండి. ధర కనబడుతుందని మొహమాటపడి చాలామంది దాన్ని తీసేస్తారు. బరువు, క్యారెట్లు, హెచ్‌యూఐడీ అన్నీ దాని మీదే ఉంటాయి, పదేళ్ళ తరవాత మార్చుకునేటప్పుడు అవసరపడేది అదే. డబ్బా చేతికిస్తూ, "ఫొటోకి వేసి తీసేయమ్మా, పెద్దయ్యాక వేద్దువు గాని" అని నలుగురూ వినేలా అనండి. ఆ మాట ఇచ్చినవాళ్ళ నోటి నుంచి వస్తేనే బాలింతకు తీసే వీలు దొరుకుతుంది.